గేట్ టెస్ట్ సిరీస్ మీద అపోహలు - వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో ఉంటూ, ఉద్యోగం చేసుకుంటూ గేట్‌కి చదివే మన తెలుగు పిల్లలతో కూర్చుని వాళ్ల మాక్ ఫలితాలు చూడటం నా పని. అక్కడ తరచూ వినే మాటలివి.

అపోహ: "ఒకే మాక్ ఎన్నిసార్లైనా రాయొచ్చు సార్. రాసేకొద్దీ మార్కులు పెరుగుతున్నాయి."

వాస్తవం: పెరుగుతాయి, ఆ ఒక్క పేపర్లో. ఒక కుర్రాడికి మూడు రోజుల తేడాతో రెండోసారి రాస్తే చాలా మార్కులు ఎక్కువొచ్చాయి. జవాబులు గుర్తున్నాయి మరి. నేను మొదటి ప్రయత్నం రిపోర్టే తెరవమన్నాను.

ఎంసీక్యూల వరకు చూస్తే 38 రాశాడు, 26 ఒప్పు, 12 తప్పు. ఒప్పులకు 40 మార్కులు వచ్చాయి. తప్పుల్లో ఒక మార్కువి ఆరు, రెండు మార్కులవి ఆరు. ఒక మార్కు ప్రశ్న తప్పితే మూడో వంతు, రెండు మార్కులది తప్పితే మూడింట రెండు వంతులు పోతాయి కాబట్టి 2, 4 కలిపి 6 మార్కులు పోయి 34 మిగిలాయి. యాక్యురసీ 68 శాతం అని స్క్రీన్ చెప్పింది, కానీ దాన్నిబట్టి ఏం చదవాలో తేలదు. ప్రశ్నకు పట్టిన సమయం చూస్తే తేలింది. ఏడు తప్పులు అర నిమిషం లోపు పెట్టినవి, అంటే గుడ్డిగా కొట్టినవి. మిగతా ఐదింటి మీద నాలుగేసి నిమిషాలు కూర్చున్నాడు. అక్కడ సబ్జెక్టే రాలేదు.

గుడ్డిగా కొడితే సగటున లాభమూ నష్టమూ లేదు: నాలుగింట ఒకసారి 2 మార్కులు వస్తే, మూడుసార్లు కలిపి అవే 2 పోతాయి. ఒక ఆప్షన్‌ను ఖాయంగా కొట్టేయగలిగితేనే కొంచెం లాభం. ఆ ఐదు ప్రశ్నల్ని మాత్రం వారం ఆగి, ఆప్షన్లు చూడకుండా తెల్లకాగితం మీద చేయించాను. మళ్లీ రాయడం అంటే నా లెక్కలో అదీ.

అపోహ: "ఆరు నెలల వ్యాలిడిటీ చాలు."

వాస్తవం: గేట్ ఫిబ్రవరిలో. మేలో కొంటే నవంబరుకే గడువు అయిపోతుంది. పూర్తి సిలబస్ మాక్‌లు ఎక్కువగా అవసరమయ్యేది ఆ తర్వాతే. లెక్క డబ్బు కట్టిన రోజు నుంచా, మొదటి టెస్ట్ రోజు నుంచా, లేక పరీక్ష తేదీ వరకా అన్నది షరతుల్లో చదివాకే కట్టండి. (ఆఫర్ ఈ రాత్రితో ముగుస్తుందని వచ్చే మెసేజ్‌లకు టెన్షన్ పడొద్దు, వారం తిరక్కుండా మళ్లీ వస్తాయి.)

అపోహ: "డౌట్ పెడితే వాళ్లే చూసుకుంటారు."

వాస్తవం: ప్రశ్న ఫోటో ఒక్కటే పంపితే మీ దగ్గర ఉన్న సొల్యూషనే మళ్లీ వస్తుంది. మీరు చేసిన లెక్క కూడా జతచేసి, ఏ లైను దగ్గర ఆగిపోయారో రాయండి. చాలా ప్యాకేజీల్లో వ్యాలిడిటీతోపాటే డౌట్ల సౌకర్యం, పాత రిపోర్టులూ మూతపడతాయి. తప్పుల పేజీల స్క్రీన్‌షాట్లు ముందే తీసి పెట్టుకోండి.