థాయ్‌లాండ్‌లో "వెజ్" అంటే సరిపోదు: అపోహలు – వాస్తవాలు

థాయ్‌లాండ్‌కు మనవాళ్ల గ్రూపులను తీసుకెళ్లడం నా పని. బ్యాంకాక్‌లో దిగిన మొదటి పూటే ఎవరో ఒకరు కూరగాయల ప్లేటు చూపించి "ఇది వెజ్జేనా?" అంటారు. సర్వర్ అవునంటాడు. అతను అబద్ధమాడట్లేదు, కానీ అందులో చేప ఉండొచ్చు.

అపోహ: ముక్క లేకపోతే శాకాహారమే.

డబ్బు పెట్టి, మొక్కు చెడి, మనసు పాడుచేసుకునేది ఇక్కడే. థాయ్ వంటలో ఉప్పదనం ఎక్కువగా నామ్ ప్లా నుంచి వస్తుంది. చేపలను ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసిన రసం అది. వండేవాళ్ల లెక్కలో అది మాంసం కాదు, మనకు పోపులో ఉప్పు ఎంతో వాళ్లకు అదంతే. తూటికూర వేపుడులో ఆల్చిప్పల సాస్ పడుతుంది. ఎర్ర కూర, ఆకుపచ్చ కూరల ముద్దలో కపి, అంటే ఊరబెట్టిన రొయ్యల ముద్ద, మామూలుగా ఉంటుంది. బొప్పాయి సలాడ్ సోమ్ తమ్‌లో ఎండు రొయ్యలు కూడా వేస్తారు.

అందుకే "వెజ్" అనకుండా "జే" అనండి. చైనా బౌద్ధ సంప్రదాయం నుంచి వచ్చిన ఆ వంటలో మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు కాబట్టి నియమం పాటించే పెద్దవాళ్లకు మరీ మంచిది. ఆ హోటళ్ల ముందు పసుపు జెండా, దాని మీద ఎర్ర అక్షరాలు ఉంటాయి. చూడ్డానికి 17 అంకెలా కనిపిస్తాయి. మామూలు హోటల్లో అయితే "మై సై నామ్ ప్లా" అని చెప్పండి. చేపరసం వెయ్యొద్దని అర్థం.

ఒక ట్రిప్పులో ఒక పెద్దావిడకు అలాగే చెప్పించి కూరగాయల ఫ్రైడ్ రైస్ తెప్పించాను. రెండు ముద్దలు తిని, "చప్పగా ఉంది నాయనా, కాస్త ఉప్పు తెమ్మను" అన్నారు. సర్వర్ చిన్న గిన్నె తెచ్చి పెట్టాడు. గోధుమ రంగు నీళ్లలో పచ్చిమిర్చి చక్రాలు తేలుతున్నాయి. ఆవిడ చెంచా ముంచబోతుంటే గిన్నె పక్కకు జరిపాను. అది మిర్చి వేసిన నామ్ ప్లా! అక్కడ ఉప్పు తక్కువైందంటే మొదట వచ్చేది అదే. ఉప్పు కావాలంటే ఫోన్లో ఉప్పు ఫొటో చూపించండి, లేదా సోయాసాస్ అడగండి.

అపోహ: "కారం తక్కువ" అంటే ఏ వంటలోనైనా తగ్గిస్తారు.

కూరల ముద్ద ముందే నూరి పెట్టి ఉంటుంది, అందులో మిర్చి తీయలేరు. సోమ్ తమ్ మాత్రం ప్లేటుకు ప్లేటు రోట్లో దంచుతారు. అక్కడ ఒక వేలు చూపించి "ఫ్రిక్ నుంగ్ మెట్" అనండి, ఒకటే మిర్చి వేస్తారు. గుంటూరు వాళ్లమని ధైర్యంగా "ఫెట్", అంటే కారంగా కావాలని, అనకండి, వాళ్ల చిన్న మిర్చి ఘాటు వేరు.

అపోహ: అన్నిటిలో పురుగుల పొడి కలుపుతారు.

వాట్సాప్ పుకారు. పురుగులను వేయించి బండి మీద విడిగా, కనిపించేలా అమ్ముతారు. దీని గురించి టెన్షన్ అక్కర్లేదు, నామ్ ప్లా సంగతి చూసుకోండి.