గోల్డ్ లోన్‌లో మూడు లైన్లు: ఎవరి పని ఎవరిది? అపోహలు – వాస్తవాలు

బ్రాంచికి ఒక రాళ్ల నెక్లెస్ తాకట్టుకు వచ్చింది. మొత్తం తూకం 62 గ్రాములు, అందులో రాళ్లూ లక్కా కలిపి 6 గ్రాములు. 22 క్యారెట్ల బంగారం గ్రాము 9,000 రూపాయలనీ, విలువలో 75 శాతం దాకానే ఇవ్వాలని సంస్థ పాలసీ ఉందనీ అనుకుందాం. నికరం 56 గ్రాములకు విలువ 5,04,000, ఇవ్వదగిన లోను 3,78,000. నగను తూచి విలువ కట్టే అప్రైజర్ రాళ్ల తరుగు తీయలేదు. సిస్టమ్‌లో నికర తూకం కూడా 62 అని ఎక్కింది, లోను 4,18,500 వెళ్లిపోయింది. అంటే 40,500 ఎక్కువ. మరి ఇది ఎవరి తప్పు? సంస్థలో రిస్కును చూసుకునే పనిని మూడు లైన్లుగా పంచుతారు: లోను ఇచ్చే బ్రాంచి మొదటిది, బ్రాంచిని ప్రశ్నించే రిస్క్ టీమ్ రెండోది, ఇద్దరికీ దూరంగా ఉండి తనిఖీ చేసే ఇంటర్నల్ ఆడిట్ మూడోది.

అపోహ: ఇలాంటివి పట్టుకోవడానికేగా ఆడిట్ ఉన్నది.

వాస్తవం: ఈ రిస్కు బ్రాంచిది. లోను ఇచ్చేదీ, ప్యాకెట్ సీలు వేసేదీ, లాకరు తాళాలు ఇద్దరి దగ్గర ఉంచేదీ వాళ్లే కాబట్టి మొదటి లైన్ వాళ్లే. అప్రైజర్ తూచాక రెండో ఆఫీసరు మళ్లీ తూచి, తరుగు చూసి, ఆ తర్వాతే సిస్టమ్‌లో ఆథరైజ్ చేయాలి. ఆచరణలో ఈ రెండో తూకమే ఎగిరిపోతుంది. ఎలా తెలుస్తుందంటే, ఆథరైజ్ చేసిన టైము చూడండి. పొద్దుటి నుంచి ఇచ్చిన ఎనిమిది లోన్లూ సాయంత్రం మూడు నిమిషాల్లో వరసగా ఆథరైజ్ అయి ఉంటే, రెండోసారి ఎవరూ ఏదీ తూచలేదన్నమాట.

అపోహ: రిస్క్ రిపోర్టులో ఏ లోనూ 75 శాతం దాటలేదు, అంతా బాగానే ఉంది.

వాస్తవం: మన నెక్లెస్ లోను ఆ రిపోర్టులో సరిగ్గా 75 శాతమే చూపిస్తుంది. అసలు విలువ మీద లెక్కేస్తే 83 శాతం. రెండో లైన్ చూసేది నగను కాదు, నగ గురించి బ్రాంచి టైపు చేసిన అంకెలను. అంకె తప్పయితే వాళ్ల పరిమితి కూడా కళ్లు మూసుకున్నట్టే.

అందుకని రిస్క్ టీమ్ వేరే కోణంలో వెతకాలి. మొత్తం తూకంలో తరుగు ఎంత శాతం పోయిందో బ్రాంచి వారీగా, అప్రైజర్ వారీగా తీస్తే చాలు. చుట్టుపక్కల బ్రాంచీల్లో నెక్లెస్‌లకు తరుగు కనిపిస్తూ, ఒక్క అప్రైజర్ దగ్గర మాత్రం నెలల తరబడి సున్నా ఉంటే అక్కడ ప్రశ్న అడగాలి. ఆ నగల ఫొటోల్లో రాళ్లు కనిపిస్తుంటే తరుగు తీయడం లేదని తేలిపోయినట్టే. నగ రకం నెక్లెస్ అని ఎంచుకుని తరుగు ఖాళీగా వదిలితే సిస్టమ్ ముందుకు కదలకుండా చేయమని ఐటీ వాళ్లను అడగాల్సిందీ వీళ్లే.

అయితే ప్రతి లోనూ రిస్క్ వాళ్లే ఓకే చెయ్యాలని కొన్ని చోట్ల పట్టుబడతారు. అలా చేస్తే వాళ్లు బ్రాంచికి మరో సంతకంగా మిగులుతారు, బ్రాంచిని ప్రశ్నించేవాళ్లు ఉండరు. బ్యాంకుల్లో చీఫ్ రిస్క్ ఆఫీసర్‌కు బిజినెస్ టార్గెట్లు ఉండకూడదని రిజర్వు బ్యాంకు 2017లో చెప్పింది కూడా ఇలాంటి కలగాపులగం వద్దనే.

అపోహ: నగ తూకం, తరుగు ఎలా చూడాలో ఆడిటర్‌కే బాగా తెలుసు, పని పద్ధతి చెప్పే ఎస్‌ఓపీ ఆయన్నే రాయమంటే సరి.

వాస్తవం: సలహా ఇవ్వొచ్చు, రాసి అమలు చేయకూడదు. తాను చేసిన పనిని 12 నెలలు గడవక ముందే తానే ఆడిట్ చేయకూడదని ఇంటర్నల్ ఆడిట్ ప్రమాణాలు అంటున్నాయి. లావాదేవీలను ఎప్పటికప్పుడు తనిఖీ చేసే కంకరెంట్ ఆడిటర్ సంతకం డబ్బు విడుదలకు ముందే తీసుకునే అలవాటుదీ ఇదే చిక్కు. ఆయన ఆ పూట మొదటి లైన్ అయిపోతారు.

మూడో లైన్ పని ప్యాకెట్ విప్పి చూడడం. చెప్పకుండా వెళ్లాలి. ఏ ప్యాకెట్లు తీయాలో బ్రాంచి వాళ్లు కాదు, ఆడిటరే ఎంచుకోవాలి. సీలు నంబరు రిజిస్టరుతో సరిపోల్చి, నగను తిరిగి తూచి, గీటురాయి మీద పరీక్ష చేయించాలి. ఈ పరీక్షకు ఆ బ్రాంచి అప్రైజర్‌నే పిలిస్తే ఆడిట్ చేసినా చేయనట్టే. చాలా చోట్ల జరిగేది మాత్రం అదే, బయటి అప్రైజర్‌కు ఇచ్చే ఫీజు మిగులుతుందని.

అపోహ: మూడు లైన్లంటే మూడు గోడలు.

వాస్తవం: ఇంటర్నల్ ఆడిటర్ల అంతర్జాతీయ సంస్థ ఐఐఏ 2013 నాటి పత్రంలో వీటిని ‘రక్షణ లైన్లు’ అన్నారు. 2020 జూలైలో సవరించినప్పుడు ‘రక్షణ’ అన్న మాట తీసేశారు. ఒకదాని తర్వాత ఒకటి రావాలన్న వరస కూడా లేదు, మూడూ ఒకేసారి నడుస్తాయి. చిన్న సంస్థలో మొదటి రెండూ కలిసి ఉండొచ్చు. ఆడిట్ హెడ్ మాత్రం వాటికి దూరంగా ఉండి బోర్డు ఆడిట్ కమిటీకి జవాబు చెప్పాలి.

నెక్లెస్ సంగతి ఆడిట్ రిపోర్టులోకి ఎక్కాక ‘బాధ్యులు’ అన్న గడిలో ఏం రాశారో చూడండి. అదనంగా వెళ్లిన 40,500 రాబట్టడానికీ, అదే అప్రైజర్ చూసిన మిగతా ప్యాకెట్లు మళ్లీ తూచడానికీ బ్రాంచి మేనేజర్ పేరు ఉండాలి. తరుగు గడి తప్పనిసరి చేయించడానికి రిస్క్ టీమ్ పేరు. ఆ గడిలో ‘ఇంటర్నల్ ఆడిట్’ అని కనిపిస్తే ఆ రిపోర్టు వెనక్కి పంపండి.