వాట్సాప్‌లో స్టిక్కర్ జవాబులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: దండం పెట్టే స్టిక్కర్ పంపితే మర్యాదగా జవాబిచ్చినట్టే.

హన్మకొండలో ఒక తమ్ముడు తన దగ్గర చేబదులు తీసుకున్న అన్నకు ఇట్లా రాశాడనుకుందాం: "అన్నా, దసరాకు ఇస్తనన్న ఇరవై వేలు ఇంకా రాలే. సోమారం పిల్లగాని ఫీజు కట్టాలె." అటునుంచి చేతులు జోడించిన స్టిక్కర్ ఒక్కటే వచ్చింది.

తమ్ముడికి కావలసినవి రెండు: ఇస్తాడా, ఎప్పుడిస్తాడు. స్టిక్కర్ వల్ల తెలిసింది మెసేజ్ చూశాడని మాత్రమే. పైగా మన భాషలో దండానికి రెండు ముఖాలున్నాయి. "దండం పెడుత, జర ఆగు" అని బతిమాలుకోవచ్చు, "నీకో దండం, ఇగ ఇడిచిపెట్టు" అని విసుక్కోవచ్చు. గొంతు వినబడితే ఏదో తెలుస్తుంది. బొమ్మలో గొంతు ఉండదు కాబట్టి, ఫీజు గడువు దగ్గరపడ్డ మనిషికి రెండోదే తడుతుంది.

అదే స్టిక్కర్ పనికొచ్చే పద్ధతి ఉంది. ముందు మాట: "తప్పైంది తమ్మీ. శుక్రవారం పదివేలు ఏస్త, మిగతాది నెలాఖరుకు." తర్వాత స్టిక్కర్. ఇప్పుడు అది క్షమాపణకు తోడవుతుంది, ఎందుకంటే దానికి ఏ అర్థం తీసుకోవాలో ముందు మాటే చెప్పేసింది. వరుస తిరగేస్తే లాభం లేదు. వాట్సాప్‌లో స్టిక్కర్ కింద రాత జోడించలేం, అది విడిగానే వెళ్తుంది. మీరు మాట టైపు చేసేలోపే అవతలివాళ్లు బొమ్మ చూసి నొచ్చుకుంటారు. జిఫ్‌కైతే రాత కలిపి పంపొచ్చు.

అపోహ: గ్రూపులో ఒక బ్రహ్మానందం స్టిక్కర్ పడితే వేడి తగ్గుతుంది.

ఇద్దరే మాట్లాడుకుంటున్నప్పుడు, ముందు నవ్వినవాడు ఫిర్యాదు చేసినవాడే అయితే, తగ్గుతుంది. కాలనీ గ్రూపులో "మూడొద్దుల సంది నల్లా వస్తలేదు" అన్న ఆమెకు అదే బొమ్మ వెళ్తే, పదిమంది ముందు తనను నవ్వులపాలు చేసినట్టు ఉంటుంది. వెంటనే ఇంకో నలుగురు స్టిక్కర్లు వేస్తారు. ఒక్కో స్టిక్కర్ నాలుగైదు వరుసల జాగా తింటుంది. నల్లా మాట పైకి జరిగి తెర మీద కనబడదు, తర్వాత గ్రూపు తెరిచినవాళ్లు నవ్వులాటే చూస్తారు. అసలు విషయం పక్కకుపోయేది ఇక్కడే.

చూశామని చెప్పడానికైతే ఆ మెసేజ్‌నే నొక్కిపట్టి బొటనవేలు రియాక్షన్ పెట్టండి. అది మెసేజ్‌కే అంటుకుంటుంది, దేన్నీ పైకి నెట్టదు. పని చేసేవాళ్లు మాత్రం ఆ మెసేజ్‌ను పక్కకు జరిపి దానికే రిప్లై ఇస్తూ, లైన్‌మన్‌కు ఎవరు ఫోన్ చేస్తారో, ఎన్ని గంటలకో రాయాలి.

అపోహ: తప్పుడు స్టిక్కర్ పోతే డిలీట్ చేస్తే సరి.

టైపు చేసిన మాటను పదిహేను నిమిషాల్లోపు దిద్దుకోవచ్చు, స్టిక్కర్‌ను దిద్దలేం. అందరికీ కనబడకుండా తొలగించినా, తొలగించిన గుర్తు అక్కడే ఉంటుంది. చావు కబురు కింద నవ్వు బొమ్మ పోయి ఉంటే ఆ గుర్తు చూసి ఏమేమో ఊహిస్తారు. తొలగించిన వెంటనే "వేరే గ్రూపుకు పంపబోయి ఇక్కడ పడ్డది, మన్నించుండ్రి" అని రాసి, ఆ ఇంటివాళ్లకు ఫోన్ చేయాలి.