రాత్రి పిక్క పట్టేస్తే అది “నరం ఎక్కడం” కాదు

హన్మకొండలో ఫిజియోథెరపీ చేసే నా దగ్గరికి మిరప ఏరే కాలంలో పిక్కల బాధతో వచ్చేవాళ్లు ఎక్కువ. మొన్న నర్సంపేట దిక్కు నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. “రాత్రి రెండయితే చాలు సారూ, నరం ఎక్కుతాంది. పాణం పోయినట్టే అయితాంది” అంది.

అపోహ: నరం ఎక్కింది, గట్టిగా పిసికి దించాలి.

వాస్తవం: నరం ఎక్కడికీ ఎక్కదు. చేతికి రాయిలా తగిలేది పిక్క కండరం. పడుకున్నప్పుడు పాదం కిందికి వాలి, పిక్క ముడుచుకుని ఉంటుంది. ఆ స్థితిలో అది బిగిస్తే తనంతట తాను వదలడం కష్టం. కాబట్టి పిసకడం కంటే ముందు సాగదీయాలి. మోకాలు చాపి, పాదం ముందు భాగానికి తువ్వాలు చుట్టి మెల్లగా మన వైపు లాగాలి. కుదుపు వద్దు.

మళ్లీ రాకుండా పడుకునే ముందు గోడ దగ్గర చేసే వ్యాయామం ఉంది. గోడకు చేతులు ఆనించి ఒక కాలు వెనక్కి పెట్టాలి. వెనక మోకాలు నిటారుగా, మడమ నేలకు ఆని ఉండాలి. పిక్క లాగుతున్నట్టు తెలిసేదాకా ముందుకు వంగి 10 సెకన్లు ఆగాలి. ఒక్కో కాలికి మూడుసార్లు. పెద్దమ్మ చేసి చూపిస్తే మడమ లేచిపోతోంది, వేళ్లు బయటికి తిరుగుతున్నాయి. అలా చేస్తే పిక్క సాగదు. బరువైన బొంత పాదాల మీద పడి వేళ్లను కిందికి నొక్కకుండా వదులుగా కప్పుకోమన్నాను.

అపోహ: ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గడం వల్లే వస్తుంది.

వాస్తవం: ఎండలో చెమటోడ్చిన రోజు అది కారణం కావచ్చు, నీళ్లు తాగాల్సిందే. కానీ చాలామందికి కారణమేదీ దొరకదు. వయసు, రోజంతా నిలబడడం, గర్భం, కొన్ని మందులు కూడా తోడవుతాయి. పెద్దమ్మ కొడుకు రోజూ ఓఆర్ఎస్ కలిపి తాగిస్తున్నాడు. ఆమెకేమో బీపీ! అందులో ఉప్పు ఉంటుందని ఎవరూ అనుకోలేదు. చీటీ చూస్తే రెండు నెలల కింద ఒంటేలు ఎక్కువ పోయించే గోలీ కొత్తగా రాశారు, నొప్పులు మొదలైందీ అప్పుడే. గోలీ సొంతంగా ఆపొద్దని, చీటీ పట్టుకుని రాసిన డాక్టర్ దగ్గరికే వెళ్లమని చెప్పాను. డాక్టర్ రక్తపరీక్ష చేయించి మందు మార్చారు. వ్యాయామమూ మానలేదు. నెల తిరిగేసరికి, రోజూ వచ్చేది వారానికోసారికి తగ్గింది. ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను.

అపోహ: పిక్క నొప్పి ఏదైనా ఇదే.

వాస్తవం: ఇది నిమిషాల్లో వదులుతుంది. తర్వాత ఒకటి రెండు రోజులు పిక్క సలుపుతుంది, అంతే. నడిస్తే పట్టేసి, ఆగితే తగ్గుతుంటే రక్తనాళాలు చూపించుకోవాలి. ఒక్క కాలే వాచి, వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉండి వదలకపోతే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ కాలికి మాలిష్ చేయొద్దు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. దానికి ఆయాసమో ఛాతీ నొప్పో తోడైతే వెంటనే 108కి ఫోన్ చేయాలి.