నెల నోటీసు తొంభై రోజులెలా అయింది?

2025 ఫిబ్రవరిలో మా అక్క కూతురికి రుషికొండ ఐటీ కొండ మీద ఉన్న ఒక కంపెనీ నుంచి ఆఫర్ లెటర్ వచ్చింది. ఏడు పేజీలు. మధురవాడ నుంచి మా ఇంటికి బండి మీద వచ్చి, టీ కూడా తాగకుండా కాగితాలు నా ముందు పెట్టింది. కొన్నేళ్లు హెచ్ఆర్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి ఇంట్లో ఇలాంటి కాగితాలన్నీ నా దగ్గరికే వస్తాయి.

"మామయ్యా, జీతం ఒక్క లైన్లో రాశారు. మిగతాదంతా నన్ను ఎప్పుడు తీసేయొచ్చో, నేను ఎప్పుడు వెళ్లకూడదో అదే!" అంది.

నిజమే. ప్రొబేషన్ ఆరు నెలలు, అవసరమైతే పొడిగిస్తారు. కంపెనీ లిఖితపూర్వకంగా ఖాయం చేసేదాకా ప్రొబేషన్‌లో ఉన్నట్టే. ఖాయమయ్యాక ఇరువైపులా తొంభై రోజుల నోటీసు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో తేడా కనబడితే ఉద్యోగంలో చేరిన తర్వాత కూడా ఆఫర్ రద్దు చేయొచ్చు. చదివితే ఒకే లాయరు ఒకే పూట కూర్చుని రాసినట్టుంటుంది గానీ ఈ మూడు షరతులూ మూడు కాలాలవి. నోటీసు సంగతి అయితే మొదట్లో ఇంకో రకంగా ఉండేది.

విశాఖపట్నం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1859లో ఒక చట్టం వచ్చింది. అడ్వాన్సు తీసుకున్న కూలీ పని మధ్యలో వదిలేస్తే యజమాని మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు. డబ్బు తిరిగి కట్టమనో, పని పూర్తి చేయమనో మేజిస్ట్రేటు చెబుతాడు. అదీ చేయకపోతే మూడు నెలల దాకా కఠిన జైలు. అంటే అప్పట్లో పని మానేయడమే నేరం. 1925లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. అప్పటి నుంచి ఉద్యోగం వదిలేయడం రెండు పక్షాల మధ్య డబ్బు లెక్క తప్ప పోలీసుల వ్యవహారం కాదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, "నోటీసు పూర్తి చేయకపోతే లీగల్ యాక్షన్" అని మెయిల్ రాగానే ఇంట్లోవాళ్లకు ఇప్పటికీ జైలే గుర్తొస్తుంది. మా అక్కకీ అదే టెన్షన్.

నోటీసు ఒక పద్ధతిలోకి వచ్చింది 1946లో. ఇక్కడ షిప్‌యార్డుకు పునాదిరాయి పడి అప్పటికి అయిదేళ్లు. ఆ ఏడు వచ్చిన స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం ప్రకారం, వంద మందికి పైగా పనిచేసే ఫ్యాక్టరీలు ఉద్యోగ నిబంధనలను కాగితం మీద పెట్టాలి. దాని కింద కేంద్రం ఒక నమూనా కూడా తయారుచేసింది. నెలజీతగాడికి నెల నోటీసు, మిగతావాళ్లకు రెండు వారాలు. యజమాని తీసేసినా, కార్మికుడు మానేసినా అంతే. నోటీసు ఇవ్వకపోతే అన్ని రోజుల జీతం. జీతం ఎన్నాళ్లకోసారి చేతికొస్తుందో దాన్ని బట్టి నోటీసు పెట్టారన్నమాట. హఠాత్తుగా పని పోతే కనీసం వచ్చే జీతం రోజు దాకా పొయ్యి వెలగాలన్నది అందులోని ఆలోచన అని నేను అనుకుంటాను.

అదే నమూనాలో ప్రొబేషనర్ అంటే ఎవరో కూడా ఉంది. పర్మనెంట్ ఖాళీలో తాత్కాలికంగా పెట్టుకున్న మనిషి, మూడు నెలల సర్వీసు నిండనివాడు. అతన్ని తీసేయడానికి నోటీసూ అక్కర్లేదు, జీతమూ అక్కర్లేదు. ప్రొబేషన్‌లో ఉన్నవాడికి రక్షణ తక్కువన్న మాట కాల్ సెంటర్లతో వచ్చింది కాదు, ఫ్యాక్టరీ గేటు నాటిదే. కాకపోతే అప్పుడది మూడు నెలలు.

మరి "లిఖితపూర్వకంగా ఖాయం చేసేదాకా" అన్న ముక్క ఎందుకు? దాని వెనక కోర్టుల కథ ఉంది. 1968లో పంజాబ్ ప్రభుత్వానికీ ధరమ్ సింగ్‌కూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. ప్రొబేషన్ మూడేళ్లకు మించకూడదని రూల్లోనే ఉన్నప్పుడు, ఆ గడువు దాటాక కూడా మనిషిని పనిలో ఉంచుకుంటే, ఆర్డరు ఇవ్వకపోయినా అతను ఖాయమైనట్టే. గరిష్ఠ గడువు రాయని చోట మాత్రం అలా అనుకోవడానికి వీల్లేదు. అది ప్రభుత్వ సర్వీసు కేసు. అయినా ప్రైవేటు ఆఫర్ లెటర్లలో గరిష్ఠ గడువు ఎందుకు కనబడదో, ఖాయం కాగితం చేతికిచ్చేదాకా అన్న షరతు ఎందుకు ఉంటుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. మా అమ్మాయి లెటర్లో కూడా "పొడిగించవచ్చు" అని ఉంది. ఎన్నాళ్లో లేదు.

అయితే ఆ మాటకు మన రాష్ట్రంలో ఒక హద్దు ఉంది. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం 1988లో 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలు వరసగా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీసేయకూడదు. తీసేస్తే కనీసం నెల నోటీసో, నెల జీతమో ఇవ్వాలి. ఆ సెక్షన్ చూసేది ఎన్ని నెలలు పనిచేశాడన్నది. లెటర్లో అతన్ని ప్రొబేషనర్ అన్నారా, ఖాయమైనవాడు అన్నారా అన్నది కాదు. ప్రభుత్వం ఈ సెక్షన్ నుంచి మినహాయింపు ఇవ్వని సంస్థ ఏదైనా ప్రొబేషన్‌ను తొమ్మిది నెలలకు పొడిగించి, ఎనిమిదో నెలలో "ప్రొబేషనే కదా, రేపటి నుంచి రావద్దు" అంటే ఈ సెక్షన్ అడ్డు నిలుస్తుంది.

ఇక తొంభై రోజులు. ఇది ఏ చట్టంలోనూ లేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు మొదట్లో నెల రోజులే పెట్టేవి. ప్రాజెక్టు మధ్యలో మనిషి వెళ్లిపోతే కొత్తవాణ్ణి వెతకాలి, పని అప్పగించాలి, అవతల క్లయింటుకు సర్దిచెప్పాలి. అలా అరవై, తర్వాత తొంభై అయ్యాయి. ఒకరు పెంచితే పక్కవాళ్లూ పెంచారు. తన మనిషిని తొంభై రోజులు వదలని కంపెనీయే, తాను ఉద్యోగం ఇచ్చేటప్పుడు "ఇమీడియట్ జాయినర్స్ మాత్రమే" అని ప్రకటన వేస్తుంది. ఇందులో వింత ఏముందో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇరువైపులా తొంభై అన్నాక సమానమే కదా అంటారు. 1986లో సెంట్రల్ ఇన్‌లాండ్ వాటర్ ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది అచ్చం అలాంటి రూలే. ఇరువైపుల ఎవరైనా మూడు నెలల నోటీసుతో ఉద్యోగం ముగించవచ్చు, కారణం చెప్పక్కర్లేదు. బేరమాడే బలం లేనివాడి చేత సంతకం పెట్టించుకున్న అలాంటి షరతు ప్రజాహితానికి విరుద్ధమని కోర్టు కొట్టేసింది. అది ప్రభుత్వ సంస్థ కాబట్టి ఆ తీర్పు పట్టుకుని రుషికొండ కంపెనీ మీదికి నేరుగా వెళ్లలేం. కానీ కాగితం మీది సమానత్వం ఎంతవరకో కోర్టు అప్పుడే చూసిందని మాత్రం చెప్పొచ్చు.

మా అమ్మాయి విషయానికొస్తే, అప్పటికి ఆమె పనిచేస్తున్న కంపెనీలో కూడా తొంభై రోజులే. 2025 మార్చి 3న రిజైన్ చేసింది. ఆ రోజుతో కలిపి లెక్కేస్తే మే 31 దాకా ఉండాలి. కొత్త కంపెనీ ఏప్రిల్ 17న చేరమంది. ఏప్రిల్ 16 దాకా పనిచేస్తే నలభై అయిదు రోజులు, ఇంకో నలభై అయిదు మిగులుతాయి. కోర్టయినా మనిషిని ఫలానా చోట పని చేసి తీరమని ఆదేశించదు. మహా అయితే నష్టపరిహారం. అదీ 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, రాసుకున్న మొత్తానికి మించకుండా, న్యాయంగా తోచినంత. అందుకే వ్యవహారం, మిగిలిన రోజులకు డబ్బు కట్టి బయటపడే "బై అవుట్" దగ్గరికి వచ్చి ఆగుతుంది.

ఆమె నెల గ్రాస్ 42,000, బేసిక్ 18,000. కంపెనీ గ్రాస్ మీద లెక్కగట్టింది. రోజుకు 1,400 చొప్పున నలభై అయిదు రోజులకు 63,000. దాని మీద 18 శాతం జీఎస్టీ అంటూ ఇంకో 11,340. పాత అపాయింట్‌మెంట్ లెటర్ అనుబంధం తీయించి చూశాను. నోటీసు పే అంటే బేసిక్ అని స్పష్టంగా ఉంది. రోజుకు 600, మొత్తం 27,000. ఇక జీఎస్టీ. నోటీసు కింద రికవరీ చేసిన డబ్బుకు జీఎస్టీ పడదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టు 3న 178/10/2022 నంబరు సర్క్యులర్‌లో తేల్చేసింది. మా అమ్మాయి ఆ రెండూ జతచేసి మెయిల్ పెట్టింది. నాలుగు రోజులకు 27,000తో కొత్త లెక్క వచ్చింది.

హమ్మయ్య అనుకునేలోపు వెరిఫికేషన్ వచ్చి పడింది. ఈ షరతు మిగతా రెంటికన్నా చాలా కొత్తది. 2005లో పూణెలోని ఒక కాల్ సెంటర్ ఉద్యోగులు అమెరికా బ్యాంకు ఖాతాదారుల డబ్బు కొట్టేసిన కేసు బయటపడింది. ఆ మరుసటి ఏడే ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్, ఉద్యోగుల వివరాలు సరిచూసి నమోదు చేసే నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీని మొదలుపెట్టింది. విదేశీ క్లయింట్లకు భరోసా ఇవ్వడానికి పుట్టిన ఈ తనిఖీ తర్వాత అందరి లెటర్లలోకీ పాకింది. 2014లో పీఎఫ్‌కు యూఏఎన్ నంబరు వచ్చాక ఎవరు ఎప్పటి నుంచి ఎప్పటిదాకా ఎక్కడ పనిచేశారో ఒక్కచోటే కనబడసాగింది.

ఆమెకు చిక్కు వచ్చింది అక్కడే. మొదట్లో దొండపర్తి వైపు ఒక చిన్న సంస్థలో ఏడాది చేసింది. అది మూతపడింది. పీఎఫ్ రికార్డులో ఆమె వెళ్లిపోయిన తేదీ వాళ్లు నింపనే లేదు. చూసేవాళ్లకు రెండు ఉద్యోగాలు ఒకేసారి చేసినట్టుంది. తనిఖీ ఏజెన్సీ మెయిల్ పెడితే తిరిగొచ్చింది. రిపోర్టులో ఆ గడి పసుపు రంగులో పడింది. అబద్ధమని కాదు, నిర్ధారించలేకపోయాం అని దాని అర్థం. కానీ ఆఫర్ లెటర్లో "సంతృప్తికరంగా లేకపోతే" అని ఉందే గానీ పసుపుకూ ఎరుపుకూ తేడా రాయలేదు. పాత ఉద్యోగానికి అప్పటికే రాజీనామా ఇచ్చేసింది.

యజమాని నింపకపోయినా, చివరి చందా పడి రెండు నెలలు దాటితే వెళ్లిన తేదీ ఉద్యోగే పీఎఫ్ పోర్టల్లో నమోదు చేసుకోవచ్చు. అది చివరి చందా పడిన నెలలోని తేదీ అయి ఉండాలి. ఆమె ఆ పని చేసి, రిలీవింగ్ లెటర్, ఆ ఏడాది ఫారం 16, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు పంపింది. ఏప్రిల్ 11న గడి ఆకుపచ్చ అయింది. ఈ రికార్డును రాజీనామాకు ముందే ఒకసారి తెరిచి చూడమని నేను చెప్పి ఉండాల్సింది. నాకు గుర్తు రాలేదు. పాత చోట్లు, చదువు, చిరునామా తనిఖీలు ముందే చేయించుకోవచ్చు. ప్రస్తుత యజమానిని అడగడం ఒక్కటే చివరికి మిగలాలి.

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఉద్యోగి రాజీనామా చేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో బకాయి వేతనం ఇచ్చేయాలని వేతనాల కోడ్ అంటుంది. అంతకు ముందే మానేసిన మా అమ్మాయికి పాత కంపెనీ ఫుల్ అండ్ ఫైనల్ లెక్క డబ్బు నలభై అయిదు రోజులకు చేతికొచ్చింది. కొత్త కోడ్‌లతో అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం తప్పనిసరి అయింది. స్టాండింగ్ ఆర్డర్లు మాత్రం ఇప్పుడు మూడు వందల మంది ఉన్న చోటే. ఉద్యోగి ఇవ్వాల్సిన నోటీసు తొంభై రోజులు ఉండకూడదని ఏ కోడ్‌లోనూ లేదు.