పాత తీర్పు, కొత్త సెక్షన్లు: తెలుగు చేసేవారికి ఈ చిక్కు ఎక్కడిది?

హైకోర్టు తీర్పులు ఇంగ్లీషులో ఎందుకుంటాయి? రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం, పార్లమెంటు చట్టం చేసి మార్చేదాకా సుప్రీంకోర్టు, హైకోర్టుల వ్యవహారం ఇంగ్లీషులోనే సాగాలి. కింది కోర్టులో సాక్షి తెలుగులో చెప్పిన మాట పైకోర్టుకు వెళ్లేసరికి ఇంగ్లీషు అవుతుంది. తీర్పు మళ్లీ కక్షిదారుడికి అర్థం కావాలంటే తెలుగు చేయాలి. 2019 నుంచి సుప్రీంకోర్టు కొన్ని తీర్పుల తెలుగు అనువాదాలను వెబ్‌సైట్‌లో పెడుతోంది. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక ఆస్తి తగాదాలో తెలుగులోనే తీర్పు ఇచ్చింది.

అనువాదకుడికి అసలు టెన్షన్ మాత్రం భాషతో కాదు, తేదీలతో. 2016 నాటి హత్య కేసు అప్పీలు తీర్పు చేతికొచ్చిందనుకుందాం. పైన కోర్టు పేరు చాలా పొడుగ్గా ఉంటుంది: తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల కోసం హైదరాబాద్‌లోని హైకోర్టు అని. 2014 విభజన తర్వాత 2018 చివరిదాకా రెండు రాష్ట్రాలకూ ఉమ్మడిగా నడిచిన కోర్టు అది. 2019 జనవరి 1న రెండుగా విడిపోయింది. అంతకుముందు చరిత్రా ఉంది: 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు, 1956లో హైదరాబాద్‌కు వచ్చాక ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. కాబట్టి 2016 తీర్పు మీద 'తెలంగాణ హైకోర్టు' అని రాస్తే, అప్పటికి ఆ పేరుతో లేని కోర్టు తీర్పు ఇచ్చినట్టవుతుంది.

లోపల 'ఐపీసీ 302 రెడ్ విత్ 34' అని ఉంటుంది. దాన్ని 'భారత శిక్షాస్మృతి సెక్షన్ 34తో కలిపి సెక్షన్ 302' అని రాస్తే సరిపోతుంది. 2024 జూలై 1న దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చాక హత్యకు శిక్ష సెక్షన్ 103కి మారింది కదా అని పాత తీర్పులో అంకె మార్చకూడదు. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత చట్టమే వర్తిస్తుంది. ఇంకా ప్రమాదం, అంకె ఉంచి చట్టం పేరు మార్చడం. కొత్త సంహితలో 302 అంటే మత భావాలను గాయపరచాలని మాటలనడం! హత్య చేసిన మనిషి మాటలన్న మనిషి అయిపోతాడు. కొత్త అంకె చెప్పాలనుకుంటే అనువాదకుడి గమనికగా అడుగున వేయాలి, తీర్పు పాఠంలో కలపకూడదు.

లాటిన్ మాటలకు ఒకటే పద్ధతి పెట్టుకోలేం. 'సుమోటో' మన పత్రికల్లో నలిగిపోయింది, అలాగే ఉంచొచ్చు. 'ప్రైమా ఫేసీ'ని 'ప్రాథమికంగా చూస్తే' అనొచ్చు, 'రుజువైంది' అనకూడదు. 'రెస్ జ్యుడికేటా'ను అలాగే రాసి, మొదటిసారి వచ్చినచోట 'ఆ కక్షిదారుల మధ్యే ఇదివరకే తేలిపోయిన వివాదం' అని విడమరచాలి. అది చట్టంలో నిర్దిష్ట అర్థమున్న మాట, ఆ అర్థం జారితే వాదనే మారిపోతుంది.

ఇంత చేసినా సుప్రీంకోర్టు తెలుగు అనువాదాలపై ఒక హెచ్చరిక ఉంటుంది: కక్షిదారుడు తన భాషలో అర్థం చేసుకోవడానికే ఇది, ప్రామాణికం ఇంగ్లీషు ప్రతే అని.