ట్యూషన్ సెంటర్ ఇన్‌స్టా బయో: మూడు అపోహలు

ఈమధ్య ఒక ట్యూషన్ సెంటర్ బయో తిరగరాశాను. అందులో ఇలా ఉండేది: "నాణ్యమైన విద్యే మా లక్ష్యం. అనుభవజ్ఞులైన అధ్యాపకులు. ప్రతి విద్యార్థిపై ప్రత్యేక శ్రద్ధ." ఏ సబ్జెక్టు చెబుతారో, ఎక్కడ ఉంటారో ఎక్కడా లేదు.

అపోహ: సబ్జెక్టు, ఊరు బయోలో ఉంటే చాలు, వెతికినవాళ్లకి కనపడతాం.

వెతికినప్పుడు వచ్చే లిస్టులో బయో కనపడదు. యూజర్‌నేమ్, దాని పక్కనో కిందో Name గడిలో రాసిన పేరు, అంతే. చాలామంది ఆ గడిలో యూజర్‌నేమ్‌నే మళ్ళీ రాసి వదిలేస్తారు. అక్కడ 64 అక్షరాల చోటుంది. నేను సెంటర్ పేరు, "లెక్కల ట్యూషన్", ఏరియా పేరు ఈ మూడూ అక్కడే పెట్టాను. తల్లిదండ్రులు వెతికే మాటలు అవే. ఒక్క జాగ్రత్త: ఆ పేరును 14 రోజుల్లో రెండుసార్లే మార్చనిస్తారు కాబట్టి ముందు కాగితం మీద రాసి చూసుకోండి.

అపోహ: సెంటర్ గురించి మంచి మాటలన్నీ బయోలో ఉండాలి.

బయోకి మొత్తం 150 అక్షరాలే. పొడుగైతే చివరి లైన్లు "more" వెనక దాక్కుంటాయి. అందుకే ఏ సెంటరైనా రాసుకోగలిగిన మాటల్ని తీసేశాను. మిగిలింది ఇది:

8–10 తరగతుల లెక్కలు, ఫిజిక్స్
పాత లైబ్రరీ ఎదురుగా, రెండో అంతస్తు
డెమో క్లాసుకి కింద లింక్ నొక్కండి

రెండో లైను దగ్గరే ఎక్కువసేపు ఆలోచించాను. ఏరియా పేరు ఇప్పటికే పైన ఉంది, దాన్ని మళ్ళీ రాస్తే లైను వృథా. "మెయిన్ రోడ్డు" అంటే ఎవరికీ దారి తెలియదు. సాయంత్రం పిల్లల్ని దింపడానికి వచ్చేవాళ్లు ఏ గుర్తు చూసి ఆగుతారో అదే రాయాలి. సెంటర్ నడిపే మేడమ్‌ని "ఫోన్లో దారి అడిగితే ఏం చెబుతారండీ?" అని అడిగితే, ఆవిడ చెప్పిన మాటలే ఆ లైను అయ్యాయి.

అపోహ: ఫోన్ నంబర్ రాస్తే పని అయిపోతుంది.

బయోలో టైపు చేసిన నంబర్ నొక్కితే కాల్ వెళ్ళదు. గుర్తుపెట్టుకుని డయల్ చేసే ఓపిక చాలామందికి ఉండదు. బిజినెస్ అకౌంట్ అయితే కాల్ బటన్ పెట్టుకోవచ్చు. నేను మాత్రం Links లో ఒక్క వాట్సాప్ లింకే పెడతాను:

```
https://wa.me/దేశంకోడ్నంబర్?text=Demo
```

దేశం కోడ్ ముందు ప్లస్ గానీ సున్నా గానీ పెట్టకూడదు, మధ్యలో ఖాళీ ఉండకూడదు. లింకు బయో టెక్స్టులోనే అతికిస్తే అది నొక్కడానికి రాదు, Links గడిలోనే వేయాలి. ఐదు లింకుల దాకా వేయొచ్చు కానీ, ఒకటి కంటే ఎక్కువైతే మొదటిది మాత్రమే బయటికి కనిపిస్తుంది. మిగతావి చూడటానికి ఇంకోసారి నొక్కాలి.

సేవ్ చేశాక వేరేవాళ్ల ఫోన్లోంచి ఆ లింకు నొక్కి చూడండి. వాట్సాప్ తెరుచుకుని, పంపడానికి సిద్ధంగా "Demo" అనే మాట కనపడాలి. నంబర్ సరిగా లేదన్న సందేశం వస్తే, ముందు చూడాల్సింది దేశం కోడ్‌నే.